విషయం: జూన్ బిల్లుల ఫైలులో తేదీల పొరపాటు – మీ శుక్రవారం మెయిల్‌కు జవాబు

సుధాకర్ గారికి,

నమస్కారం.

జూలై 4, శుక్రవారం సాయంత్రం మీరు పంపిన మెయిల్ చదివాను. ఫైలును మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చూసి, ఏం జరిగిందో తేల్చుకున్న తర్వాతే రాయాలని ఆ రోజు జవాబు ఇవ్వలేదు. శని, ఆదివారాల్లో ఆ పని పూర్తయింది. మీ మెయిల్ అందుకున్న పదకొండు మందికీ ఈ వివరాలు తెలియాలి కాబట్టి ఈ జవాబు వారికీ పంపుతున్నాను.

ముందుగా క్షమాపణ. గడువు ఇంకా రాని బిల్లులకు 38 మంది ఖాతాదారులకు బకాయి నోటీసులు వెళ్లాయి. శుక్రవారం ఉదయం నుంచి వాళ్ల ఫోన్లన్నీ మీ బృందానికే వచ్చాయి. ఏళ్ల తరబడి సకాలంలో చెల్లిస్తున్నవారు కోపంతో అడుగుతుంటే, కారణం తెలియకుండానే మీవాళ్లు సర్దిచెప్పవలసి వచ్చింది. ఆ ఫైలు పంపింది నేను. మీకూ మీ బృందానికీ కలిగిన ఇబ్బందికి మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాను.

ఇక జరిగింది ఇది. మా ఫైలులో తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో రాస్తాం. జూన్ 5 నాటి ఒక బిల్లు ఫైలులో ఇలా ఉంది:

```
bill_date,cust_code,bill_no
05/06/2025,004518,20731
```

నోటీసులు తయారుచేసే కంప్యూటర్‌లో తేదీ అమరిక నెల ముందు, రోజు తర్వాత అన్నట్టుగా ఉంది. అందువల్ల ఎక్సెల్‌లో ఫైలు తెరవగానే ఈ బిల్లు మే 6 నాటిదైపోయింది. మన గడువు 45 రోజులు. మే 6 నుంచి లెక్కిస్తే గడువు జూన్ 20నే దాటినట్టు కనిపిస్తుంది. అసలు గడువు జూలై 20. ఎక్సెల్ ఏ హెచ్చరికా చూపదు, ఎందుకంటే మే 6 కూడా సరైన తేదీయే. తెర మీద చూసేవారికి అనుమానం రావడానికి ఆధారమేమీ ఉండదు.

ఫైలులో మొత్తం 1,140 బిల్లులున్నాయి. జూన్ 2 నుంచి 5 వరకు ఉన్న 186 బిల్లులు ఫిబ్రవరి 6, మార్చి 6, ఏప్రిల్ 6, మే 6 తేదీలకు వెనక్కి జరిగాయి. వాటిలో అప్పటికి చెల్లింపు రానివి 41. అవి ఆ 38 మంది ఖాతాదారులవి. జూన్ 6 నాటి 52 బిల్లులు మాత్రం సరిగానే ఉన్నాయి, ఎందుకంటే రోజూ నెలా రెండూ ఆరే. జూన్ 9 నుంచి 12 వరకు ఉన్న 214 బిల్లులు సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు ముందుకు వెళ్లిపోయాయి. 13వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న 688 బిల్లుల్లో మొదటి అంకె నెల కాలేదు కాబట్టి, ఎక్సెల్ వాటిని తేదీలుగా గుర్తించక మామూలు అక్షరాలుగా వదిలేసింది. తేదీల నిలువు వరుసలో కొన్ని కుడి వైపుకు, కొన్ని ఎడమ వైపుకు జరిగి కనిపించింది అందుకే. తేదీలుగా గుర్తించినవి కుడి వైపున, గుర్తించనివి ఎడమ వైపున ఉంటాయి.

ఇందులో మీ బృందం చేసిన తప్పు నాకు కనిపించలేదు. ఫైలును రెండుసార్లు నొక్కి తెరవడం అందరూ చేసేదే. తేదీ ఏ వరుసలో ఉందో ఫైలుతోపాటు పంపే మెయిల్‌లో నేను ఒక్క వాక్యం రాయవలసింది. రాయలేదు. అసలు ఎవరి కంప్యూటర్ అమరిక ఎలా ఉన్నా తేడా రాని పద్ధతిలో తేదీని పంపవలసింది. అదీ చేయలేదు.

ఏప్రిల్‌లో కూడా ఇలాగే జరిగిందని మీరు రాశారు. అది నిజం. అప్పుడు పోయినవి ఖాతాదారు సంఖ్యలోని ముందు సున్నాలు. 004518 కాస్తా 4518 అయిపోయి, ఖాతాలు దొరక్క మీరు ఒక రోజంతా వెతుక్కున్నారు. అప్పుడు నేను ఆ నెల ఫైలును చేత్తో సరిచేసి పంపి, పని అయిపోయిందనుకున్నాను. ఫైలును తెరిచే సమయంలో ఎక్సెల్ తనంతట తాను విలువలను మారుస్తోందన్న అసలు కారణాన్ని అప్పుడే పట్టించుకుని ఉంటే జూన్ ఫైలుకు ఈ గతి పట్టేది కాదు. ఇది నేను చాలాసేపు ఆలోచించిన విషయం. మీ కోపానికి ఇందులో న్యాయమైన కారణం ఉందని ఒప్పుకుంటున్నాను.

ఫోన్ విషయం కూడా చెప్పాలి. శుక్రవారం ఉదయం 10.15కు, 10.50కు మీరు చేసిన ఫోన్లు నేను తీయలేదు. సమావేశంలో ఉన్నాను. 12.10కి తిరిగి చేసినప్పుడు మీ లైను ఖాళీగా లేదు. మళ్లీ ప్రయత్నించి ఉండవలసింది, కనీసం రెండు ముక్కలు రాసి పంపవలసింది.

ఒక్క విషయంలో మాత్రం మీ మెయిల్‌లో ఉన్నదానికీ నా దగ్గరున్న వివరానికీ తేడా ఉంది. ఫైలు రెండు రోజులు ఆలస్యంగా వచ్చిందని రాశారు. జూన్ 24 సమావేశపు నోట్సులో గడువు జూలై 2 సాయంత్రం అని ఉంది. ఫైలు జూలై 2 ఉదయం 11.20కి వెళ్లింది. ఆ నోట్సునూ ఫైలు పంపిన మెయిల్‌నూ దీనికి జతచేశాను. తర్వాత ఆ గడువును జూలై 2 కంటే ముందరి తేదీకి మార్చినట్టు మీ దగ్గర ఏదైనా సమాచారం ఉంటే దయచేసి పంపండి, నా లెక్క సరిచేసుకుంటాను.

మీ మెయిల్‌లో మా బృందంలోని ఒక సహోద్యోగి పేరు రాసి, ఆమె సామర్థ్యం గురించి, ఉద్యోగానికి ఆమె అర్హత గురించి మూడు వాక్యాలు రాశారు. వాటిని ఇక్కడ తిరిగి రాయను. ఆమె ఫైలును నేను చెప్పిన పద్ధతిలోనే తయారుచేసింది. సరిచూసి పంపింది నేను. పద్ధతిలో లోపం ఉంటే అది నాది. ఆమె చేరి ఏడు నెలలైంది. పదకొండు మంది చదివే మెయిల్‌లో తన గురించి అలా రాసి ఉండడం ఆమెను చాలా బాధపెట్టింది. ఆ మూడు వాక్యాలతో నేను ఏకీభవించడం లేదని ఇదే పదకొండు మంది ముందు స్పష్టంగా చెప్పడం నా బాధ్యత.

మీరు ఆ మెయిల్ రాసేనాటికి ఉదయం నుంచి ఫోన్లకు జవాబు చెబుతూ ఉన్నారని నాకు తెలుసు. అయినా, పనిలో పొరపాటు గురించి ఎంత గట్టిగా అడిగినా నాకు అభ్యంతరం లేదు, మనుషుల గురించిన వ్యాఖ్యలు మాత్రం వద్దని కోరుతున్నాను. మా ఫైళ్లలో ఎప్పుడు ఏ లోపం కనిపించినా నేరుగా నాకే రాయండి, లేదా ఫోన్ చేయండి. ఈ విషయాన్ని మెయిళ్లలో ఇంకా సాగదీయాలని నాకు లేదు. మీకు వీలైతే ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఇప్పటికి చేసినవి, చేయబోయేవి ఇవి. సరిచేసిన జూన్ ఫైలు bills_2025-06.csv పేరుతో జతచేశాను. ఇందులో సంవత్సరం ముందు, తర్వాత నెల, చివర రోజు ఉంటాయి:

```
bill_date,cust_code,bill_no
2025-06-05,004518,20731
```

ఇలా రాస్తే నెల ఏదో, రోజు ఏదో తారుమారు కావు. అయితే ఖాతాదారు సంఖ్యలోని సున్నాలు నిలవాలంటే ఫైలును నేరుగా తెరవకూడదు. ఎక్సెల్‌లో Data కింద From Text/CSV ద్వారా ఫైలును ఎంచుకుని, Transform Data నొక్కి, cust_code నిలువు వరుసను Text అని మార్చాలి, అడిగితే Replace current అని చెప్పాలి. ప్రతి నెలా మీవాళ్లు ఇంత శ్రమ పడకుండా, జూలై నెల నుంచి ఆ అమరికలన్నీ ముందే చేసిన ఎక్సెల్ ఫైలును కూడా పంపుతాం. దానితోపాటు ఒక చిన్న పట్టిక ఉంటుంది: ఏ తేదీకి ఎన్ని బిల్లులు, మొత్తం ఎన్ని. మీ దగ్గర తెరిచాక ఆ అంకెలు కలవకపోతే నోటీసులు ఆపి నాకు చెప్పండి. మొన్న అలాంటి పట్టిక ఉండి ఉంటే ఫిబ్రవరి బిల్లులు జూన్ ఫైలులో ఎందుకున్నాయన్న ప్రశ్న నోటీసులకు ముందే వచ్చేది.

నోటీసులు అందుకున్న 38 మంది జాబితా, వారికి పంపవలసిన లేఖ ముసాయిదా కూడా జతచేశాను. నోటీసు పొరపాటున వచ్చిందని, అసలు గడువు తేదీ ఇదని, ఖాతాలో ఎలాంటి బకాయి నమోదు కాలేదని అందులో ఉంది. లేఖ కింద నా పేరు, నా ఫోన్ నంబరు పెట్టాను. ఇకపై ఆ ఫోన్లు మీకు కాక నాకు రావాలన్నదే ఉద్దేశం. ఈ ఖాతాదారులు మీకు బాగా తెలిసినవారు. మాటల్లో మార్చవలసినవి ఉంటే ఈ రోజు మధ్యాహ్నం మూడు లోపు చెప్పండి, నాలుగింటికల్లా లేఖలు పంపిస్తాను.

మీ నుంచి ఒక సహాయం కావాలి. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ తేదీలకు మారిపోయిన 214 బిల్లులు, తేదీగా గుర్తించని 688 బిల్లులు మీ ప్రోగ్రాంలోకి చేరాయో లేదో నాకు ఇక్కడి నుంచి తెలియదు. చేరి ఉంటే, కొత్త ఫైలు ఎక్కించే ముందు వాటిని తొలగించాలి, లేకపోతే ఒకే బిల్లు రెండుసార్లు నమోదవుతుంది. దయచేసి చూసి చెప్పేవరకు కొత్త ఫైలు ఎక్కించవద్దు. తొలగించే పనిలో మనిషి సహాయం కావాలంటే నేనే వచ్చి కూర్చుంటాను.

రేపు, మంగళవారం ఉదయం 10.30కి మీరు ఖాళీగా ఉంటే మీ గదికి వస్తాను. ఆ సమయం కుదరకపోతే మరో సమయం చెప్పండి.

ఇట్లు,
అనురాధ
బిల్లింగ్ విభాగం
జూలై 7, 2025

జతచేసినవి: సరిచేసిన జూన్ ఫైలు, తేదీలవారీ పట్టిక, 38 మంది జాబితా, లేఖ ముసాయిదా, జూన్ 24 సమావేశపు నోట్సు, జూలై 2 మెయిల్ ప్రతి