లింక్ స్టేట్ రౌటింగ్: అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు తక్కువ ఖర్చు దారి

శనివారం ల్యాబ్‌లో, రౌటర్లు తక్కువ ఖర్చు దారులు లెక్కేసుకోవడానికి వాడే లింక్ స్టేట్ ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్ మొదలుపెడతాం. ఆలోగా ఈ లెక్కను కాగితం, పెన్ను పట్టుకుని ఒకసారి చేతితో చేసి రండి. కమాండ్లు ఎవరైనా నేర్పుతారు. రౌటర్ లోపల టేబుల్ ఎలా పుడుతుందో తెలిస్తేనే, అది తప్పుగా ఉన్న రోజున ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మన ఊళ్లో ఆరు ఆఫీసులున్న ఒక కంపెనీని ఊహించుకోండి. అమీర్‌పేట, బేగంపేట, సికింద్రాబాద్, మెహదీపట్నం, కోఠి, ఎల్బీనగర్‌లలో ఒక్కో రౌటర్ ఉంది. వాటి మధ్య లింకులు, ఖర్చులు ఇవి:

| లింక్ | ఖర్చు |
|---|---|
| అమీర్‌పేట – బేగంపేట | 2 |
| అమీర్‌పేట – మెహదీపట్నం | 5 |
| అమీర్‌పేట – కోఠి | 9 |
| బేగంపేట – సికింద్రాబాద్ | 3 |
| బేగంపేట – కోఠి | 6 |
| మెహదీపట్నం – కోఠి | 2 |
| సికింద్రాబాద్ – కోఠి | 4 |
| సికింద్రాబాద్ – ఎల్బీనగర్ | 8 |
| కోఠి – ఎల్బీనగర్ | 3 |

ఇవి కిలోమీటర్లు కావు. ఓఎస్‌పీఎఫ్‌లో ఖర్చు సాధారణంగా బ్యాండ్‌విడ్త్‌ను బట్టి వస్తుంది: లింక్ ఎంత వేగంగా ఉంటే ఖర్చు అంత తక్కువ. రెండు దిక్కులా ఖర్చు ఒకటే అనుకుందాం. నిజానికి ఒక్కో దిక్కుకు వేరుగా పెట్టుకోవచ్చు.

లెక్కకు ముందు ఒక సంగతి. ఈ టేబుల్ మొత్తం అమీర్‌పేట రౌటర్‌కు ఎలా తెలిసింది? ప్రతి రౌటర్ తన పక్క రౌటర్లెవరో, ఆ లింకుల ఖర్చెంతో ఒక ప్రకటనలో రాసి పంపుతుంది. అదే ఎల్‌ఎస్‌ఏ. అందుకున్న ప్రతి రౌటరూ దాన్ని దాచుకుని, మిగతా లింకుల మీద ముందుకు పంపుతుంది. పాతది మళ్లీ వస్తే వరుస సంఖ్య చూసి పక్కన పెడుతుంది. ఇలా ఆరుగురి దగ్గరా ఒకే పటం తయారవుతుంది. పటం అందరిదీ ఒకటే, లెక్క మాత్రం ఎవరిది వారే తమను మొదలుగా పెట్టుకుని చేస్తారు. ఆ లెక్కకు వాడేది డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి.

ఇప్పుడు అమీర్‌పేటలో కూర్చుందాం. ప్రతి ఊరి పక్కన రెండు విషయాలు రాస్తాం: ఇప్పటిదాకా తెలిసిన తక్కువ ఖర్చు, దానికి సరిగ్గా ముందున్న రౌటర్. మొదట్లో పక్కవాళ్లే తెలుసు: బేగంపేట 2, మెహదీపట్నం 5, కోఠి 9. సికింద్రాబాద్, ఎల్బీనగర్‌లకు అనంతం. ఇవన్నీ అంచనాలే, ఇంకా ఖాయం కాలేదు.

మొదటి అడుగు. అంచనాల్లో అన్నిటికన్నా చిన్నది 2. బేగంపేటను ఖాయం చేస్తాం. ఎందుకు చేయవచ్చు? ఇక్కడ ఆగి ఆలోచించండి, పద్ధతి మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది. బేగంపేటకు ఇంకో దారి ఉంటే, అది అమీర్‌పేట నుంచి మెహదీపట్నం వైపో కోఠి వైపో బయల్దేరాలి. ఆ మొదటి లింకుకే 5 గానీ 9 గానీ అయిపోతుంది. ఖర్చుల్లో రుణసంఖ్యలు లేవు కాబట్టి తర్వాత ఎంత తిరిగినా అది తగ్గదు. 2 కన్నా తక్కువలో ఏ దారీ రాదు.

ఖాయమైన బేగంపేట మీదుగా దాని పక్కవాళ్లను సవరిస్తాం. D అంటే ఆ ఊరికి ఇప్పటిదాకా తెలిసిన తక్కువ ఖర్చు:

```
D(సికింద్రాబాద్) = min(∞, 2 + 3) = 5
D(కోఠి) = min(9, 2 + 6) = 8
```

నేరుగా లింకున్నా కోఠికి బేగంపేట మీదుగా వెళ్లడమే చవక. అయినా కోఠి ఇంకా ఖాయం కాదు.

రెండో అడుగు. మెహదీపట్నం 5, సికింద్రాబాద్ 5. రెండూ సమానం. ఎవరిని ముందు తీసుకున్నా చివరి ఖర్చులు మారవు. మెహదీపట్నాన్ని తీసుకుందాం. దాని మీదుగా కోఠికి 5 + 2 = 7. ఎనిమిది కొట్టేసి 7 రాస్తాం, ముందు రౌటర్ మెహదీపట్నం.

మూడో అడుగు. సికింద్రాబాద్ 5. దాని మీదుగా కోఠికి 5 + 4 = 9, అవసరం లేదు. ఎల్బీనగర్‌కు 5 + 8 = 13.

నాలుగో అడుగు. కోఠి 7 ఖాయం. తొమ్మిదితో మొదలై, ఎనిమిదై, ఏడు దగ్గర ఆగింది. ఎల్బీనగర్‌కు 7 + 3 = 10, పదమూడు కొట్టేస్తాం. చివరికి మిగిలింది ఎల్బీనగర్ ఒక్కటే, 10తో ఖాయం.

| అడుగు | ఖాయమైనది | బేగంపేట | మెహదీపట్నం | సికింద్రాబాద్ | కోఠి | ఎల్బీనగర్ |
|---|---|---|---|---|---|---|
| 0 | అమీర్‌పేట | 2 | 5 | ∞ | 9 | ∞ |
| 1 | బేగంపేట | 2 | 5 | 5 | 8 | ∞ |
| 2 | మెహదీపట్నం | | 5 | 5 | 7 | ∞ |
| 3 | సికింద్రాబాద్ | | | 5 | 7 | 13 |
| 4 | కోఠి | | | | 7 | 10 |
| 5 | ఎల్బీనగర్ | | | | | 10 |

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ ప్యాకెట్ పంపడానికి రౌటర్‌కు కావలసింది దారంతా కాదు, మొదట ఎవరి చేతికివ్వాలన్నది. వెనక నుంచి రండి: ఎల్బీనగర్‌కు ముందు కోఠి, కోఠికి ముందు మెహదీపట్నం, దానికి ముందు మనమే. కాబట్టి ఎల్బీనగర్‌కు నెక్స్ట్ హాప్ మెహదీపట్నం. కోఠికీ అదే. సికింద్రాబాద్‌కు బేగంపేట. బేగంపేట, మెహదీపట్నాలకు నేరుగా. ఫార్వర్డింగ్ టేబుల్‌లోకి వెళ్లేది ఇదే.

రెండో అడుగులో వచ్చిన సమానాన్ని చూసి ‘రెండు దారులున్నాయి కదా సార్, లోడ్ పంచుతుందా?’ అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ సమానమైనవి రెండు వేరువేరు ఊళ్లకు ఖర్చులు. లోడ్ పంచాలంటే ఒకే ఊరికి సమానమైన రెండు దారులుండాలి. అమీర్‌పేట – కోఠి లింకును 9 నుంచి 7కు మార్చి చూడండి: నేరుగా 7, మెహదీపట్నం మీదుగా 7. అప్పుడు ఓఎస్‌పీఎఫ్ రెండు నెక్స్ట్ హాప్‌లనూ ఉంచుకోగలదు.

ఇప్పుడు మెహదీపట్నం – కోఠి లింక్ తెగిందనుకోండి. ఆ రెండు రౌటర్లూ కొత్త ప్రకటనలు పంపుతాయి, అవి అందగానే అమీర్‌పేట మళ్లీ లెక్క వేస్తుంది. కోఠికి బేగంపేట మీదుగా 8, ఎల్బీనగర్‌కు 11. నెక్స్ట్ హాప్ బేగంపేటకు మారుతుంది. మెహదీపట్నం నుంచి కోఠికైతే అమీర్‌పేట, బేగంపేటల మీదుగా 5 + 2 + 6 = 13.

ఈ మార్పులో కొద్ది క్షణాలు ప్రమాదం ఉంది. తెగిన సంగతి మెహదీపట్నానికి ముందే తెలిసి, అమీర్‌పేట టేబుల్ ఇంకా పాతదే అయితే, కోఠికి వెళ్లాల్సిన ప్యాకెట్‌ను మెహదీపట్నం అమీర్‌పేటకిస్తుంది, అమీర్‌పేట తిరిగి మెహదీపట్నానికే ఇస్తుంది. రెండు పటాలూ ఒకటయ్యేదాకా, లేదా ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గే టీటీఎల్ సంఖ్య సున్నా అయ్యేదాకా ప్యాకెట్ ఆ మధ్యే తిరుగుతుంది. ల్యాబ్‌లో లింక్ పీకి, ప్యాకెట్ ఏ రౌటర్ల మీదుగా వెళ్తుందో చూపే ట్రేస్‌రూట్‌లో దీన్ని పట్టుకోవడానికి ప్రయత్నిద్దాం.

రేపటికి పని: తెగిన లింకును మళ్లీ కలిపి, ఎల్బీనగర్‌ను మొదలుగా పెట్టుకుని ఇదే టేబుల్ వేయండి. కోఠి 3, మెహదీపట్నం 5, సికింద్రాబాద్ 7, బేగంపేట 9, అమీర్‌పేట 10 రావాలి. సికింద్రాబాద్‌కు మీకు 8 వచ్చిందంటే, కోఠిని ఖాయం చేశాక దాని పక్కవాళ్లందరినీ సవరించలేదన్నమాట. ఆ అడుగు నుంచి మళ్లీ వేయండి.