అత్తయ్యకు ఉత్తరం

హనుమకొండ,
20 అక్టోబర్ 2024

పూజ్యులైన అత్తయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ నానమ్మతో సహా అందరం క్షేమం. యూట్రెక్ట్‌లో మీరు, మామయ్య కుశలంగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో మాట్లాడేటప్పుడు అమ్మ పక్కనే ఉంటుంది, వింటే నొచ్చుకుంటుందని ఇన్నాళ్ళూ చెప్పలేకపోయిన సంగతిని ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

నేనిప్పుడు ఐదడుగుల పది అంగుళాలున్నాను. మా పదో తరగతిలో నాకంటే పొడుగైన అమ్మాయి లేదు, అబ్బాయిల్లోనూ ఒకరిద్దరే. వెనకవాళ్ళకు బోర్డు కనబడటం లేదని టీచరు నన్ను చివరి బెంచీకి మార్చినప్పటి నుంచి నా స్నేహితురాళ్ళ కబుర్లేవీ నా దాకా రావటం లేదు. కొందరు తాటిచెట్టు అంటారు. ఆ మాట కంటే, నాతో మాట్లాడటానికి తలెత్తి చూసి, వెంటనే వాళ్ళలో వాళ్ళు చూసుకోవటమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అనువంశికత పాఠంలో మెండెల్ పొడుగు, పొట్టి బఠానీ మొక్కల గురించి సారు చెబుతుండగా తరగతి మొత్తం నావైపు తిరిగింది. మనిషి ఎత్తు బఠానీ మొక్కలోలాగా ఒక్క జన్యువుతో తేలేది కాదని, ఎన్నో జన్యువులు కలిసి నిర్ణయిస్తాయని నాకు తెలుసు, కానీ లేచి చెప్పటానికి నోరు రాలేదు.

దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడాము. తంగేడు, గునుగు పూలు తెచ్చి పేర్చిన వాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ పని నాకెంతో ఇష్టం. తీరా ఆట మొదలయ్యాక, వంగి చప్పట్లు కొట్టి అందరూ లేచిన ప్రతిసారీ నేనొక్కదాన్నే అందరికీ పైన కనబడుతున్నానని తోచి, పాట అయ్యేవరకూ నడుము పూర్తిగా ఎత్తకుండానే తిరిగాను. ఇప్పుడు నడకలోనూ అలా వంగటం అలవాటై సాయంత్రానికి మెడ, వీపు లాగుతున్నాయి.

ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళు పి.వి. సింధు ఎత్తు కూడా ఇంతేనని, నన్నూ బ్యాడ్మింటన్ ఆడమని అంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన ఆమె అంటే నాకెంతో గౌరవం. అయితే నాకు ఆటల మీద ఆసక్తి లేదు, నాకిష్టమైనవి జీవశాస్త్రం, బొమ్మలు గీయటం. ఏదో ఒక ఉపయోగం చూపిస్తేనే ఇంత పొడుగు ఉండవచ్చునన్నట్లు మాట్లాడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

మీరూ దాదాపు నా అంతే ఉంటారు, ఈ ఊళ్ళోనే చదువుకున్నారు. ప్రపంచంలో అందరికంటే పొడుగైన వాళ్ళలో మీరుండే నెదర్లాండ్స్‌లోని డచ్చివాళ్ళు ఉన్నారని చదివాను. అక్కడికి వెళ్ళాక జనంలో కలిసిపోయినట్లు అనిపించిందా? అంతకుముందు, నా వయసులో, తరగతిలో ఎలా నిలబడేవారు? మీకూ నలుగురిలో వంగి నడవాలనిపించేదా? పెద్దయ్యాక అన్నీ సర్దుకుంటాయని మాత్రం రాయకండి. అప్పట్లో మీకేమనిపించేదో ఉన్నదున్నట్లు రాయండి, ఎంత పొడవైన ఉత్తరమైనా చదువుకుంటాను.

మామయ్యకు నా నమస్కారాలు.

మీ మేనకోడలు,
స్ఫూర్తి