ప్రూఫ్ దిద్దే వెబ్ టూల్‌లో టూల్‌టిప్‌లు, కోచ్ మార్కులు: సమీక్షా నివేదిక

అభివృద్ధి బృందానికి,

పాత తెలుగు పత్రికల స్కాన్ల నుంచి ఓసీఆర్ తీసిన పాఠాన్ని స్వచ్ఛంద కార్యకర్తల చేత దిద్దించడానికి మీరు తయారు చేసిన టూల్‌ను, కొత్తవారికి తెరవబోయే ముందు, అందులోని సహాయ సూచనల వరకే పరిశీలించి ఈ నివేదిక రాస్తున్నాను. మౌస్ ఆనించినప్పుడు కనిపించే టూల్‌టిప్‌లూ, మొదటిసారి లాగిన్ అయినవారికి వరుసగా వచ్చే కోచ్ మార్కులూ మాత్రమే దీని పరిధి. ఓసీఆర్ నాణ్యత, సర్వర్ వేగం, పేజీల పంపిణీ వంటివాటి జోలికి నేను పోలేదు.

ఈ టూల్‌లో పని ఎలా జరుగుతుందో ముందు గుర్తు చేసుకోవాలి. ఎడమవైపు స్కాన్ ఉంటుంది, కుడివైపు పాఠం ఉంటుంది. దిద్దేవారు ఒక పంక్తిని అక్కడా ఇక్కడా మార్చి మార్చి చూస్తూ పోతారు. ద, ధ, థ అనే మూడింటిలో అచ్చులో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి వారికి ఆ పంక్తితోపాటు పైపంక్తి, కింది పంక్తి కూడా కనబడుతూ ఉండాలి. కాబట్టి ఈ టూల్‌లో ఏ సూచనకైనా మొదటి పరీక్ష ఒక్కటే: దిద్దుతున్న పంక్తిని, దాని ఇరుగుపొరుగు పంక్తులను అది కప్పుతోందా? ఇప్పుడున్న సూచనల్లో చాలావరకు ఆ పరీక్షలో నెగ్గడం లేదు.

మొదట కోచ్ మార్కుల సంగతి. లాగిన్ కాగానే ఆరు మార్కుల వరుస మొదలవుతుంది, పేజీ మొత్తం మీద నల్లని తెర కమ్ముకుంటుంది, మొదటి మార్కు స్కాన్‌లోని పంక్తిని చూపిస్తూ నిలబడుతుంది. అయితే అప్పటికి స్కాన్ ఇంకా దిగుమతి కాలేదు. బాణం గుర్తు ఖాళీ బూడిదరంగు పెట్టెను చూపిస్తుంది. బొమ్మ వచ్చాక అమరిక కిందికి జరుగుతుంది గానీ మార్కు మాత్రం పాతచోటే ఉండిపోతుంది. నెట్ నెమ్మదిగా ఉన్న పఠన మందిరాల్లో ఇది అరుదుగా కాక ప్రతిసారీ జరిగే విషయమని అనుకోవాలి. వరుసలోని తక్కిన మార్కులు కూడా, ఇంకా ఒక్క అక్షరమైనా దిద్దని మనిషికి 'అనుమానం' బటన్ గురించి, 'పేజీ పూర్తయింది' బటన్ గురించి చెబుతాయి. ఆ క్షణంలో ఆ మాటలకు ఆనుకునే అనుభవం అతనికి లేదు గనుక, 'తరువాత', 'తరువాత' అని నొక్కుకుంటూ పోవడం తప్ప మరొక పని అతను చేయడు. 'వదిలేయి' అన్న మాట మూలన లేత బూడిదరంగులో ఉంది. Escape నొక్కితే తెర తొలగదు.

ఆరింటిలో మూడింటిని పూర్తిగా తీసివేయమని నా సిఫారసు. జూమ్, అక్షరాల పరిమాణం, సేవ్ అనేవి బటన్ మీది గుర్తు, మాట చూడగానే తెలిసేవే. వాటికి పరిచయం చెప్పడం వచ్చినవారి ఓపికను ఖర్చు చేయడమే. మిగిలిన మూడింటిని వరుసగా కాక, ఒక్కొక్కదాన్ని దాని అవసరం వచ్చినప్పుడే చూపాలి. స్కాన్ పూర్తిగా వచ్చి, వాడుకరి పాఠంలో మొదటిసారి ఎక్కడైనా నొక్కిన తరువాత పంక్తుల జత గురించి చెప్పాలి. మొదటిసారి ఒక పదాన్ని ఎంపిక చేసినప్పుడు 'అనుమానం' గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ బటన్ పనిచేయడానికి ముందుగా పదాన్ని ఎంచుకోవాలి. 'పేజీ పూర్తయింది' గురించిన మాటను, పేజీ చివరి పంక్తి తెర మీదికి వచ్చినప్పుడు ఆ బటన్ పక్కనే చూపాలి. నొక్కాక చెబితే ఆలస్యమవుతుంది, లాగిన్‌లో చెబితే మరిచిపోతారు. నల్లని తెర ఈ మూడింటికీ అవసరం లేదు.

మొదటి మార్కులోని వాక్యం ఇప్పుడు 'పంక్తి అనుసంధాన సౌలభ్యం సక్రియం చేయబడినది' అని ఉంది. దాని బదులు 'పాఠంలో ఏ పంక్తి మీద నొక్కితే, స్కాన్‌లో ఆ పంక్తి పసుపురంగులో కనిపిస్తుంది' అని పెట్టండి. మూడో మార్కుకు 'ఇది నొక్కాక పేజీ రెండో దిద్దుబాటుకు వెళుతుంది. మీరు మళ్ళీ తెరిచి మార్చవచ్చు' అన్న వాక్యం చాలు. రెండో సగం ముఖ్యం, కొత్తవారు ఆ బటన్ నొక్కడానికి జంకేది అక్కడే.

సమయం విషయంలో మరొక చిక్కు ఉంది, ఇది తెలుగు టైపింగ్‌కు ప్రత్యేకంగా తగిలేది. ఫొనెటిక్ పద్ధతిలో టైపు చేసేవారికి పదం పూర్తయ్యేదాకా అక్షరాలు తాత్కాలిక స్థితిలో ఉంటాయి, కర్సర్ కింద సూచనల పెట్టె తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ మధ్యలో కోచ్ మార్కు వచ్చి ఫోకస్‌ను తన మీదికి లాక్కుంటే, సగం టైపు చేసిన పదం అక్కడే తెగిపోతుంది. కనుక compositionstart వచ్చినప్పటి నుంచి compositionend వచ్చేదాకా ఏ మార్కూ కనిపించకూడదు, ఆ తరువాత కూడా టైపింగ్ కాసేపు ఆగేదాకా వేచి ఉండాలి. మార్కు కనిపించినా ఫోకస్ పాఠంలోనే ఉండాలి. స్క్రీన్ రీడర్ వాడేవారికి ఆ మాటను role="status" ఉన్న చోట వినిపిస్తే సరిపోతుంది.

టూల్‌టిప్‌లలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పాఠంలోనే ఉంది. ఓసీఆర్‌కు నమ్మకం కుదరని పదాల కింద చుక్కల గీత ఉంటుంది. దాని మీద మౌస్ ఆనిస్తే 'థ / ధ / ద' అని ప్రత్యామ్నాయాలు చూపే బుడగ పైకి తెరుచుకుంటుంది. ఆ ఆలోచన చాలా మంచిది, ఈ టూల్‌లో నాకు బాగా నచ్చినదీ అదే. కాని అది పైపంక్తిని పూర్తిగా కప్పేస్తుంది, పొడుగాటి సమాసంలో అక్షరం తేల్చుకోవడానికి పైపంక్తి చివరి మాటే ఆధారమైన సందర్భాలు తరచుగా వస్తాయి. మొదటి పంక్తి అయితే పైన చోటు లేక బుడగ కిందికి తిరుగుతుంది, అప్పుడు కీబోర్డు సూచనల పెట్టె, బుడగ ఒకదాని మీద ఒకటి పడతాయి. పైకి తెరిచినా కిందికి తెరిచినా కుదరదు. పదానికి కుడిపక్కన తెరిస్తే అదే పంక్తిలోని మిగతా మాటలు కప్పబడతాయి. స్కాన్‌కూ పాఠానికీ నడుమ ఇప్పుడు వృథాగా ఉన్న ఖాళీ అంచును కొంచెం వెడల్పు చేసి, ప్రత్యామ్నాయాలను ఆ అంచులో, ఆ పంక్తి ఎత్తులోనే చూపండి. రాతప్రతుల్లో దిద్దుబాట్లు మార్జిన్‌లో రాసే అలవాటు ప్రూఫ్ దిద్దేవారికి ఎలాగూ ఉంది.

పైన ఉన్న పనిపట్టీలోని ఎనిమిది ఐకాన్ల టూల్‌టిప్‌లు మౌస్ తగలగానే, ఏమాత్రం ఆలస్యం లేకుండా, కిందికి తెరుచుకుంటాయి. బ్రౌజర్ ట్యాబ్ నుంచి పేజీలోకి మౌస్ దించే ప్రతిసారీ ఏదో ఒకటి తెరుచుకుని స్కాన్ మొదటి రెండు పంక్తులను కప్పుతుంది. దాదాపు 400 నుంచి 500 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టండి. ఒకటి తెరిచి ఉండగా పక్క ఐకాన్ మీదికి జరిగితే మాత్రం వెంటనే చూపండి. కీబోర్డు ఫోకస్ వచ్చినప్పుడు ఆలస్యం అక్కరలేదు. అయితే ఇక్కడ అసలు పరిష్కారం టూల్‌టిప్‌ను సరిచేయడం కాదని నా అభిప్రాయం. పట్టీలో చోటు ఉంది కాబట్టి, ఐకాన్ల పక్కన 'తిప్పు', 'వెతుకు', 'వెనక్కి' వంటి మాటలను నేరుగా రాసేస్తే ఆరింటికి టూల్‌టిప్ అవసరమే పోతుంది. మిగిలిన రెండింటికీ వివరణ కావాలి, వాటిని పట్టీ మీదనే పక్కకు తెరవవచ్చు.

తెరిచిన టూల్‌టిప్ 3 సెకన్లకు దానంతటదే మాయమవడం తప్పు. 2018లో వచ్చిన WCAG 2.1లోని 1.4.13 నియమం ప్రకారం, మౌస్‌తో గానీ ఫోకస్‌తో గానీ తెరుచుకున్న అదనపు సమాచారాన్ని మౌస్ కదపకుండానే మూయగలగాలి, మౌస్‌ను దాని మీదికి తీసుకువెళ్ళినా అది ఉండాలి, వాడుకరి వదిలేదాకా నిలవాలి. మీ టూల్‌టిప్‌కూ బటన్‌కూ నడుమ 8 పిక్సెళ్ళ ఎడం ఉండటం వల్ల, తెరను పెద్దది చేసుకుని చూసేవారు దాని మీదికి మౌస్ జరపబోయేలోపే అది మూసుకుపోతుంది. కీబోర్డుతో ట్యాబ్ నొక్కుతూ వెళ్ళేవారికి, తెరిచి ఉన్న కోచ్ మార్కు కింద ఫోకస్ ఉన్న బటన్ పూర్తిగా దాగిపోవడం కూడా గమనించాను; 2023 నాటి WCAG 2.2లో 2.4.11 నియమం దీని గురించే ఉంది.

కొన్ని ఐకాన్లకు title లక్షణం ఒక్కటే ఉంది. టచ్ తెర మీద అది కనిపించదు, కీబోర్డుతో వచ్చినవారికీ సాధారణంగా కనిపించదు. వివరణ కావలసిన బటన్లకు ఈ విధంగా రాయండి:

```html
<button aria-describedby="anumanam-tip">అనుమానం</button>
<div role="tooltip" id="anumanam-tip">
  ఎంచుకున్న పదాన్ని రెండోవారు చూడటానికి గుర్తుపెడుతుంది.
</div>
```

టూల్‌టిప్ పెట్టె ఎత్తు 28 పిక్సెళ్ళకు బిగించి, overflow: hidden పెట్టారు. ఇంగ్లీషు మాటలతో పరీక్షించినప్పుడు ఇది బయటపడి ఉండదు. తెలుగులో మాత్రం కింది వత్తులు తెగిపోయి 'గుర్తు' కాస్తా 'గురు'గా, 'పట్టు' కాస్తా 'పటు'గా కనిపిస్తున్నాయి. వత్తులు సరిదిద్దడానికే పుట్టిన టూల్‌లో ఇది మరీ విడ్డూరం. ఎత్తును తీసివేసి, పంక్తుల ఎడం పెంచండి:

```css
.tooltip {
  height: auto;
  overflow: visible;
  line-height: 1.7;
  max-width: 18em;
}
```

మార్కులు చూసినట్టు గుర్తుపెట్టుకునే తీరు కూడా మారాలి. coach_done అన్న గుర్తును localStorageలో దాస్తున్నారు. గ్రంథాలయంలోని ఒకే కంప్యూటర్ మీద, ఒకే బ్రౌజర్ ప్రొఫైల్‌లో, ఉదయం ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మధ్యాహ్నం ఒక కాలేజీ విద్యార్థిని పనిచేస్తే, ఆమెకు ఏ మార్కూ కనిపించదు. ప్రైవేట్ విండోలో లాగిన్ అయ్యేవారికి మార్కుల వరుస ప్రతిసారీ కనిపిస్తుంది. లాగిన్ ఉన్న టూల్ కనుక దీన్ని వాడుకరి ఖాతాలోనే, మూడు మార్కులకు మూడు గుర్తులుగా, సర్వర్ మీద ఉంచండి. సహాయం మెనూలో 'సూచనలు మళ్ళీ చూపు' అన్న వరుస ఒకటి చేర్చండి.

ఫోన్ విషయంలో మౌస్ ఆనించడం అన్నదే లేదు గనుక, చుక్కల గీత ఉన్న పదాన్ని తాకితే ప్రత్యామ్నాయాలు పాఠం పైభాగంలో ఒక సన్నని పట్టీలో రావాలి. తెర అడుగున పెడితే కీబోర్డు దాన్ని మింగేస్తుంది. ఎక్కువసేపు నొక్కి పట్టడాన్ని వాడుకోవద్దు, అది బ్రౌజర్ ఎంపిక మెనూతో తగువు పడుతుంది.

కోచ్ మార్కుల వరుస తొలగింపు, అనుమానపు పదాల బుడగను అంచులోకి మార్చడం, వత్తులు తెగకుండా చేయడం, ఖాతాలో గుర్తు దాచడం అనే నాలుగూ టూల్‌ను తెరవక ముందే కావాలి. title తీసివేత, ఫోన్ పట్టీ తరువాతి విడతలో చేయవచ్చు. మార్పులు అయ్యాక పెద్ద మానిటర్ మీద కాకుండా, గ్రంథాలయాల్లో ఇప్పటికీ కనిపించే 1366×768 తెర మీద, విండోస్ స్కేలింగ్ 125 శాతం పెట్టి చూడండి. అప్పుడు బ్రౌజర్‌కు మిగిలే వెడల్పు దాదాపు 1093 పిక్సెళ్ళే. పట్టీ మీది మాటలు రెండో వరుసకు దిగితే, మాటలను కుదించవద్దు. జూమ్ బటన్లను స్కాన్ మూలకు జరపండి.