పాప స్కాలర్‌షిప్ నోటిఫికేషన్‌లో ఏముందంటే

ఆగస్టు 18, 2024

అక్కా, బావా,

పాప పంపిన నోటిఫికేషన్ ఫొటోలు చదివాను. అంతా ఆఫీసు భాష, మీరు కంగారు పడ్డారంటే పడరూ మరి. మీకు పనికొచ్చేది మాత్రం రాస్తున్నా. అక్కా, బావకి చదివి వినిపించు.

ఇది ఎన్ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్: చదువులో ముందుండి, ఇంట్లో ఆదాయం తక్కువున్న పిల్లలకి పరీక్ష పెట్టి ఇచ్చేది. కేంద్ర ప్రభుత్వం డబ్బు, పరీక్ష మన రాష్ట్రం పెడుతుంది. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. పాప పేరు మీదున్న బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, మధ్యలో ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇప్పిస్తానని ఎవరైనా ఇంటికొస్తే పంపించెయ్యండి.

పాపకి అర్హత ఉందా అంటే, ఉంది. ఎనిమిదో తరగతి, జిల్లా పరిషత్ బడి. ఏడులో 55 శాతం ఉండాలన్నారు, తనకి 71 వచ్చాయి. ఎస్సీ, ఎస్టీలకైతే 50 చాలు. అమ్మానాన్నల ఆదాయం రెండూ కలిపి ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మీ కౌలు సేద్యం, అక్క కుట్టుమిషను కలిపినా అంత లేదు. ప్రైవేటు బడి, నవోదయ, కేంద్రీయ విద్యాలయం, ప్రభుత్వమే తిండీ వసతీ ఇచ్చే గురుకులాల పిల్లలకి ఇది రాదు. బావా, వచ్చే ఏడు పాపని గురుకులంలో వేద్దామన్నావు కదా, ఆ మాట ఎత్తేముందు ఇది గుర్తుపెట్టుకో. ఇంటర్‌లో ప్రైవేటు కాలేజీలో చేర్చినా ఆగిపోతుంది.

ఇక కాగితాలు. నాకు భయం ఉన్నది పరీక్ష గురించి కాదు, వీటి గురించే. పాప పేరు, పుట్టిన తేదీ, బావ పేరు బడి రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకు పాసుపుస్తకంలో ఒకేలా ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బడిలో ఒక్క అక్షరమే ఉంటే అదీ తేడా కిందే లెక్క. ఎంపికయ్యాక ఇలాంటి తేడాలతోనే డబ్బు ఆగుతుంది. మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి. తహసీల్దారు ఇచ్చే ఆదాయం సర్టిఫికెట్, బీసీ అని కులం సర్టిఫికెట్ కావాలి. రెండింటికీ మన సచివాలయంలోనే దరఖాస్తు పెట్టొచ్చు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఏడో తరగతి మార్కుల కాపీ కూడా. ఖాతా పాప పేరున లేకపోతే తెరిపించి, ఆధార్ లింక్ చేయించండి.

దరఖాస్తు మనం నెట్ సెంటర్‌లో పెట్టేది కాదు. హెడ్మాస్టరు గారు బడి లాగిన్‌లోంచి పెడతారు. ఆఖరి రోజు సెప్టెంబర్ 6, శుక్రవారం. ఫీజు కట్టడానికి సెప్టెంబర్ 10 దాకా గడువు. మనకి 100 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 50. ఆఖరి వారంలో సైటు మొరాయిస్తుంది, పైగా ఆయనకి బడి మొత్తం పిల్లల దరఖాస్తులుంటాయి. మీ కాగితాలు ఈ నెలాఖరుకే ఇచ్చెయ్యండి.

పరీక్ష డిసెంబర్ 8, ఆదివారం, పొద్దున 10 నుంచి ఒంటిగంట దాకా. మొత్తం 180 మార్కులు. సగం మెదడుకి మేత పెట్టే ప్రశ్నలు: వరుసలో తర్వాతి అంకె ఏది, తేడాగా ఉన్న బొమ్మ ఏది, అలాంటివి. మిగతా సగం ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల్లోంచి: సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు, ఒక్కటీ వదలొద్దని చెప్పండి. రెండు పేపర్లూ కలిపి 40 శాతం, అంటే 72 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకి 32 శాతం. అలాగని 72 వస్తే వచ్చేసినట్టు కాదు. రాష్ట్రం మొత్తానికి 4,087 మందికే ఇస్తారు, రిజర్వేషన్ చూసుకుంటూ మెరిట్ ప్రకారం తీస్తారు. 120 దాటితే ధైర్యంగా ఉండొచ్చని నా అంచనా, నోటిఫికేషన్‌లో ఉన్న మాట కాదు. మొదటి సగానికి బడిలో పాఠం ఉండదు కాబట్టి, పాత పేపర్లు నేను ప్రింట్ తీసి పంపుతా.

ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, ఏటా రెన్యువల్ చేయించాలి. చాలామంది మొదటి ఏడు చేసి మర్చిపోతారు. ఎనిమిదిలో కూడా 55 శాతం తగ్గకూడదు, పదిలో 60 రావాలి.

బావా, రేపు పొలానికి వెళ్లేముందు సచివాలయానికి వెళ్లు. ఆదాయం, కులం రెండింటికీ ఒకేసారి దరఖాస్తు పెట్టి, రసీదు ఫొటో తీసి నాకు పంపు. ఆధార్, పాసుపుస్తకం ఫొటోలు పాపని ఇవాళే పంపమను, పేర్లు నేనూ ఓసారి చూస్తాను.

మీ తమ్ముడు