అతిథి అధ్యాపక బాధ్యత స్వీకరించలేకపోవడం గురించి

పటాన్‌చెరు,
18 జూలై 2025

ప్రిన్సిపాల్ గారికి,
ఫార్మసీ కళాశాల, ఘట్‌కేసర్

గౌరవనీయులైన సార్,

నమస్కారం. మీరు పంపిన నియామక పత్రం, దానితో పాటు బి.ఫార్మసీ ఏడో సెమిస్టర్ టైంటేబులు అందాయి. ఫోనులో మీరు అడిగినప్పుడు టైంటేబులు చూసి చెబుతానన్నాను. చూశాను. ఈ విద్యా సంవత్సరం ఆ బాధ్యత నేను తీసుకోలేను. కారణాలన్నీ చదివాక చివర్లో ఒప్పుకుంటానేమోనని మీరు ఎదురు చూడకుండా ఈ మాట ముందే రాస్తున్నాను. ఆగస్టు 4న తరగతులు మొదలవుతాయన్నారు. మరొకరిని చూసుకోవడానికి మీకు కాస్త వ్యవధి కావాలి కదా.

ఇన్‌స్ట్రుమెంటల్ మెథడ్స్ ఆఫ్ అనాలిసిస్ క్లాసు మంగళ, గురు, శుక్రవారాల్లో ఉదయం పది గంటలకు వేశారు. బుధవారం మధ్యాహ్నమంతా ప్రాక్టికల్. ఫ్యాక్టరీలో నా పని తొమ్మిదికి మొదలవుతుంది. రాత్రి షిఫ్టులో చేసిన పరీక్షల ఫలితాలు తొమ్మిదిన్నరకల్లా నా బల్ల మీద ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి నిర్ణీత పరిమితి దాటినా ఆ పూట ఇక వేరే పని పెట్టుకోలేను. అనలిస్టును కూర్చోబెట్టి ఏం చేశాడో అడగాలి, వాడిన ద్రావణాలు పారబోయకుండా ఆపాలి, తూకం చీటీలు, పరికరం లాగ్‌బుక్, కాలమ్ చరిత్ర చూడాలి. విచారణ తేలేదాకా ఆ బ్యాచ్ గోదాము నుంచి కదలదు. నెలాఖరులో అయితే డిస్పాచ్ వాళ్లు తలుపు దగ్గరే నిలబడి ఉంటారు. ఇక తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు వచ్చారంటే వాళ్లు వెళ్లేవరకు నేను ఆవరణ దాటే ప్రశ్నే లేదు. ఇవేవీ వారాలు చూసుకుని రావు.

దూరం సంగతి మీకు తెలిసిందే. మా ఫ్యాక్టరీ నగరానికి పడమర, మీ కళాశాల తూర్పు. ఔటర్ రింగు రోడ్డు మీద వచ్చినా హైదరాబాదును సగం చుట్టి రావాలి. గంట పాఠానికి పూటంతా పోతుంది. వారానికి నాలుగు పూటలు అడిగితే మా యాజమాన్యమే కాదు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను.

క్లాసులన్నీ శనివారానికి మారుద్దామా అని మీరు అడిగారు. అంత దూరం ఆలోచించినందుకు కృతజ్ఞతలు. కానీ మాకు రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే సెలవు. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ప్రకారం ఈ పేపరుకు 45 గంటల పాఠం ఉంది, వారానికి మూడు గంటల లెక్కన. దాన్ని నెలకు రెండు శనివారాల్లోకి కుక్కితే ఒక్కో రోజు ఆరు గంటలు చెప్పాలి. ఉదయం ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ, మధ్యాహ్నం ఫ్లేమ్ ఫొటోమెట్రీ విన్న పిల్లలకు సాయంత్రానికి ఏమి మిగులుతుంది? పైగా ట్యుటోరియల్, ప్రాక్టికల్ ఎక్కడ పెట్టాలి? ఆదివారాలు వద్దని మీరే అన్నారు, అది సబబే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, చెప్పేస్తాను. ఇప్పుడు సరేనని, సెప్టెంబరు నుంచి ఒకటి వచ్చి రెండు మానేసే అధ్యాపకురాలిని మీరు భరిస్తారు, నాకు తెలుసు. నా మీద మీకున్న అభిమానం అలాంటిది. కానీ సెషనల్ పరీక్ష ముందు సిలబస్ సగంలో ఆగితే ఇబ్బంది పడేది పిల్లలు. విద్యార్థులకు 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వని చోట అధ్యాపకురాలికే అంత హాజరు లేకపోతే ఏం బాగుంటుంది సార్?

మా మానవ వనరుల విభాగాన్ని కూడా అడిగాను. అప్పుడప్పుడు ఉపన్యాసం ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం లేదు, ముందుగా రాతపూర్వకంగా చెబితే చాలు. పూర్తి సెమిస్టర్ బోధనకు మాత్రం విడిగా అనుమతి కావాలి. అది వచ్చినా గడియారం మారదు కాబట్టి ఆ దరఖాస్తు పెట్టలేదు. గంటకు మీరు ఇస్తామన్న పారితోషికం విషయంలో నాకు ఏ అసంతృప్తీ లేదు. ఆ అనుమానం మీకు రాకూడదని రాస్తున్నాను.

నేను చేయగలిగినవి ఉన్నాయి. సెమిస్టర్‌లో రెండు శనివారాలు, మాకు సెలవు ఉన్నవి చూసి మీరే తేదీలు చెప్పండి, వస్తాను. హెచ్‌పీఎల్‌సీ నాలుగో యూనిట్‌లో వస్తుంది కాబట్టి రెగ్యులర్ అధ్యాపకులు దాన్ని పూర్తి చేశాక వస్తే మేలు. సూత్రాలు మళ్లీ చెప్పను. నిజమైన క్రోమటోగ్రామ్‌లు, పేర్లు, బ్యాచ్ నంబర్లు తీసేసి, అచ్చు వేయించి తెస్తాను. పక్కపక్కనే ఉన్న రెండు శిఖరాలు విడిపోకపోతే బేస్‌లైన్ ఎక్కడ గీయాలి, తోక లాగిన శిఖరానికి కారణం కాలమ్ అరిగిపోవడమా, మొబైల్ ఫేజ్ పీహెచ్ తప్పడమా అన్నది పిల్లలతోనే తేల్పిస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో తడబడేది ఇక్కడే.

అడగకుండానే ఒక సలహా ఇస్తున్నాను, మన్నించండి. మీ ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ బాగుంది, కానీ పోయినసారి నేను వచ్చినప్పుడు పిల్లలు దాన్ని గుళ్లో విగ్రహంలా దూరం నుంచి చూస్తున్నారు. ప్రతి జట్టు చేతా మొబైల్ ఫేజ్‌ను 0.45 మైక్రాన్ ఫిల్టరు గుండా వడపోయించండి, ఒకే స్టాండర్డ్‌ను ఐదుసార్లు ఇంజెక్ట్ చేయించి ఆర్‌ఎస్‌డీ లెక్క కట్టించండి. రెండు శాతం దాటితే ఎందుకు దాటిందో రికార్డులో వాళ్లే రాయాలి. కాలమ్ పాడవుతుందని భయపడితే పాత కాలమ్ ఒకటి నేర్చుకోవడానికే కేటాయించండి.

క్లాసుల విషయానికి వస్తే, మా దగ్గర చాలా ఏళ్లు పనిచేసి పోయినేడు రిటైరైన అనలిస్టు ఒకాయన ఉప్పల్‌లో ఉంటారు. ఎం.ఫార్మసీ చదివారు, కొత్తవాళ్లకు ఓపికగా నేర్పేవారు. మా ల్యాబులో సగం మంది ఆయన తయారు చేసినవాళ్లే. ఉదయం పది గంటల క్లాసు ఆయనకు ఇబ్బంది కాదు. ఆయనతో ఇంకా మాట్లాడలేదు. మీకు సమ్మతమైతే ముందు ఆయన్ని అడిగి, ఒప్పుకుంటే ఫోను నంబరు పంపుతాను. అర్హతల విషయంలో విశ్వవిద్యాలయం నిబంధనలు మీరు ఒకసారి సరిచూసుకోవాలి.

నియామక పత్రం మూల ప్రతిని సంతకం చేయకుండా ఈ ఉత్తరంతో పాటే రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపుతున్నాను. ఫైలులో నా పేరు ఉండిపోతే తనిఖీ సమయంలో మీకు చిక్కు. టైంటేబులులో కూడా నా పేరు తీయించండి. వచ్చే ఏడాది టైంటేబులు వేసే ముందు వీలైతే ఒక మాట చెప్పండి. ఇక్కడ నా బాధ్యతలు మారితే నేనే ఫోను చేస్తాను.

శనివారాల తేదీల కోసం, రిటైరైన ఆ పెద్దాయన విషయంలో మీ నిర్ణయం కోసం చూస్తుంటాను. సాయంత్రం ఏడు తర్వాత ఎప్పుడు ఫోను చేసినా దొరుకుతాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

భవదీయురాలు,
మీ పూర్వ విద్యార్థిని,
సుధారాణి
సీనియర్ మేనేజర్, నాణ్యతా పరీక్షల విభాగం