కొండపల్లి ఏనుగు: ఆరు షాట్ల యానిమేషన్ ప్రాంప్టులు

ఈ చిత్రం నిడివి 48 సెకన్లు. ఆరు షాట్లు, ఒక్కొక్కటి 8 సెకన్లు. తాత పనిచేసే గది ప్లాస్టిసిన్‌లోనూ, ఆయన చిన్ననాటి జ్ఞాపకం నీటిరంగుల్లోనూ, బొమ్మ భాగాలను అతికించే మక్కు తయారీ ఫ్లాట్ కార్టూన్‌లోనూ సాగుతాయి. 2, 3 షాట్లకు తప్ప ప్రతి ప్రాంప్టులో ముందు పాత్రల పేరా, తరువాత శైలి పేరా, చివర షాట్ పేరా అతికించాలి; ఆ రెండింటికీ శైలి పేరా, షాట్ పేరా చాలు. శైలి పేరాలో ఒక్క మాట కూడా మార్చకూడదు. తొలి ప్రయత్నంలో ఐదో షాట్‌కు మాత్రం "మట్టి బొమ్మలు" అని రాసినందుకు తాత వినాయక చవితి విగ్రహంలా తడి బంకమట్టి రంగులో ప్రత్యక్షమయ్యాడు. అందుకే ఇక్కడ అంతటా "ప్లాస్టిసిన్" అన్న ఒక్క మాటే వాడాను.

పాత్రల పేరా

తాత 65 ఏళ్ల సన్నని మనిషి. ఆయనకు పొట్టి తెల్లజుట్టు, గుండ్రని కళ్ళజోడు, మోకాళ్ల దాకా ఎగగట్టిన తెల్ల పంచె, ముదురు నీలం బనియను, కుడి చెవి వెనుక దోపిన పసుపు పెన్సిలు ఉన్నాయి. మనవరాలు చిట్టికి ఎనిమిదేళ్లు. ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండు జడలతో, పసుపు పరికిణీ, ఆకుపచ్చ జాకెట్టుతో ఉంటుంది. ఏనుగు జానెడు ఎత్తున్న కొయ్యబొమ్మ.

ప్లాస్టిసిన్ శైలి పేరా (1, 5, 6 షాట్లు)

ప్లాస్టిసిన్ స్టాప్ మోషన్. మనుషులు, పనిముట్లు, నేల అన్నీ చేతితో మలిచిన ప్లాస్టిసిన్‌వే. వాటి మీద వేలిముద్రలు, చిన్న నొక్కులు స్పష్టంగా కనిపిస్తాయి. సెకనుకు 12 భంగిమలే మారుతాయి కనుక కదలిక ఆగి ఆగి సాగుతుంది. బల్ల మీద అమర్చిన చిన్న సెట్టు, ఎడమవైపు నుంచి పడే ఒకే వెచ్చని వెలుగు, మసకగా ఉన్న వెనుకభాగం, కదలని కెమెరా.

షాట్ 1. తాత నేల మీద బాసిపట్టు వేసుకుని, తెల్ల పొణికి కర్ర ముక్కను ఉలితో చెక్కుతూ ఏనుగు తొండానికి వంపు తెస్తున్నాడు. ప్రతి దెబ్బకూ ఒక చుట్ట తిరిగిన చెక్కపొట్టు ఆయన పంచె మీద పడుతోంది. చిట్టి ఆ పొట్టును ఏరి తన ఒళ్లో పోగు చేసుకుంటోంది.

షాట్ 5. తొండం, చెవులు, అంబారీ అతికి పూర్తయిన ఏనుగు దగ్గరగా కనిపిస్తోంది. తాత చేయి కుంచెతో సున్నం పూత వేస్తూండగా, గోధుమరంగు అతుకులు ఒక్కొక్కటే తెలుపు కింద మాయమవుతున్నాయి.

షాట్ 6. చిట్టి నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, అంబారీకి ఎర్రరంగు వేస్తోంది. ఒక చుక్క జారి ఏనుగు కాలి మీద పడుతుంది; ఆమె కంగారుగా తాత వైపు చూస్తే, ఆయన చెవి వెనుక పెన్సిలు తీసి ఆ చుక్క చుట్టూ గజ్జె గీస్తాడు.

నీటిరంగు శైలి పేరా (2, 3 షాట్లు)

తడి కాగితం మీద నీటిరంగు. గరుకు కాగితపు పలుకు కనిపిస్తుంది; రంగు ఒకదానిలోకి ఒకటి పాకుతుంది, అంచుల వద్ద చిక్కబడుతుంది. నల్ల గీతలు ఉండవు. వెలుగు ఉన్నచోట కాగితం తెలుపునే ఖాళీగా వదలాలి. లేత ఆకుపచ్చ, గైరికం, పలుచని నీలం అనే మూడు రంగులే ఉంటాయి.

ఈ రెండింటికీ పాత్రల పేరా అతికించకూడదు. అతికిస్తే పదేళ్ల పిల్లవాడిగా ఉన్న తాతకూ కళ్ళజోడు వస్తుంది.

షాట్ 2. ఉదయపు మంచులో కొండపల్లి కొండవాలు తడి కాగితం మీద మెల్లగా విచ్చుకుంటుంది. చెవి వెనుక పెన్సిలు దోపుకున్న తండ్రి, నీలం చొక్కా తొడుక్కున్న పదేళ్ల కొడుకు కాలిబాటన పైకి నడుస్తున్నారు.

షాట్ 3. తండ్రి పొణికి చెట్టు బోదె మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. కొడుకు అదే చోట తన చేయి పెట్టగానే, ఆ రెండు చేతుల నుంచి ఆకుపచ్చ రంగు కొమ్మల్లోకి పాకి కాగితమంతా నిండుతుంది.

ఫ్లాట్ కార్టూన్ శైలి పేరా (4వ షాట్)

ఫ్లాట్ కార్టూన్. ఒకే మందం గల ముదురు గీత, నీడలు లేని నిండు రంగులు, సాదా నేపథ్యం. నేపథ్యం `#FFF4DC`, గీత `#3B2A1A`, ఎరుపు `#C8322B`, పసుపు `#F2B233`. లోతు, మెరుపు, కాగితపు పలుకు ఉండవు.

షాట్ 4. ఎడమవైపు గిన్నెలో చింతగింజల పిండి ఉడికి జిగురుగా మారుతుంది. కుడివైపు నుంచి రంపపు పొట్టు వచ్చి అందులో కలిసి మక్కు ముద్ద అవుతుంది. చిట్టి ఆ ముద్దను వేలితో తీసి తొండం చివర రాయగానే, తొండం ఏనుగు ముఖానికి ఠక్కున అతుక్కుంటుంది. తెర మీద అక్షరాలేవీ రాకూడదు. "మక్కు" అన్న మాటను కథకురాలి గొంతు చెబుతుంది.