చందానగర్ డబుల్ బెడ్‌రూమ్: రేపు ఫోన్‌లో అడగాల్సినవి

తమ్ముడూ, నువ్వు పంపిన ప్రకటన చూశాను. "చందానగర్, 2 బీహెచ్‌కే, 4వ అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్, సెమీ ఫర్నిష్డ్, అద్దె 19,000, మెయింటెనెన్స్ అదనం, ఫ్యామిలీస్ ఓన్లీ." ఇదే ఇంటి ఫోటోలు ఇంకో ప్రకటనలో 21,000కి కనిపించాయి. వంటగట్టు మీద అవే పచ్చ టైల్స్, కిటికీ దగ్గర అదే పగిలిన మూల. అది బ్రోకర్ పెట్టింది. అందుకని 19,000 ప్రకటనకే చెయ్యి. పొద్దున పది దాటాక, మధ్యాహ్నం భోజనాల లోపు చెయ్యి. ఈ కాగితం ఎదురుగా పెట్టుకుని, పక్కన జవాబులు రాసుకో. ఈ ఫోన్‌తో తేలాల్సింది ఒక్కటే: ఆదివారం నాన్నని ఆటో ఎక్కించి అంత దూరం తీసుకెళ్ళొచ్చా, లేదా.

మొదట ఇవి:

"నమస్తే అండీ, చందానగర్ ఇంటి ప్రకటన చూసి చేస్తున్నాను. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందా?"

"మీరు ఓనరేనా అండీ, లేక ఓనరు తరఫున మాట్లాడుతున్నారా?"

"ఇప్పుడు ఎవరైనా ఉంటున్నారా? ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు? మాకు మే మొదటివారంకల్లా కావాలి."

తేదీ దగ్గర మొహమాటపడకు. వైశాఖంలోనే పాలు పొంగించాలని అమ్మ పట్టు, జూన్‌లో చిన్నదానికి బడి. ఆషాఢం దాకా ఆగితే ఇళ్ళు మారేవాళ్ళు ఉండరు కాబట్టి ఓనర్లు కాస్త దిగివస్తారు. కానీ మనకి ఆ వెసులుబాటు లేదు. "ఉన్నవాళ్ళు ఇంకా ఖచ్చితంగా చెప్పలేదండీ" అన్నారంటే, వాళ్ళు ఖాళీ చేశాక చెప్పమని నంబర్ ఇచ్చి పెట్టేసెయ్. మిగతా ప్రశ్నలు దండగ.

తరవాత మన సంగతి మనమే ముందు చెప్పెయ్యాలి: "మేం నలుగురు పెద్దవాళ్ళం, మూడేళ్ళ పాప. అమ్మానాన్నా మాతోనే ఉంటారు. నాన్‌వెజ్ తింటాం. మీకేమైనా అభ్యంతరమా అండీ?" ఓనరు అదే బిల్డింగులో ఉంటున్నారేమో కూడా ఇక్కడే అడుగు. అడ్వాన్స్ ఇచ్చాక వంటింటి వాసనల మీద పంచాయితీ పెట్టుకోవడం కంటే ఫోన్‌లోనే "కాదు" అనిపించుకోవడం నయం. "మీరేవిట్లండీ?" అని అడుగుతారు, చాలామంది అడుగుతారు. దానికి జవాబు చెప్పక్కర్లేదు. "ఇంటికీ దానికీ ఏం సంబంధం అండీ" అని నవ్వుతూ అని తరవాతి ప్రశ్నకి వెళ్ళిపో. మళ్ళీ అదే అడిగితే ఆ ఇల్లు మనకొద్దు.

ఇక నీళ్ళు. "నీళ్ళు బాగుంటాయా?" అని మాత్రం అడక్కు, హైదరాబాద్‌లో ఆ ప్రశ్నకి అందరి దగ్గరా "ఫుల్ వాటర్ అండీ" అనే ఒకే జవాబు ఉంటుంది. ఇలా అడుగు:

"పోయినేడు ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పించారా? ఆ డబ్బు మెయింటెనెన్స్‌లోనే కలిసిందా, ఫ్లాట్లకి విడిగా పంచారా? ఎంత పడింది?"

"బోరు ఒకటేనా, రెండా? ఈ వారం రోజుకి ఎన్ని గంటలు వదులుతున్నారు?"

"మంజీర మంచినీళ్ళ కనెక్షన్ ఉందా? ఉంటే వంటింటి కుళాయికి విడిగా వస్తుందా, సంపులో బోరు నీళ్ళతో కలిపేస్తారా?"

చివరిది అందరూ మర్చిపోయేది. "మంజీర ఉంది" అన్న మాట నిజమే అయ్యుంటుంది, కానీ సంపులో కలిసిపోయాక కుళాయిలో వచ్చేది ఉప్పునీళ్ళే. గీజరు కాయిల్ తెల్లగా పేరుకుపోతుంది, తాగడానికి క్యాన్లు కొనాలి. క్యాన్ల ఖర్చు కూడా అద్దెలో భాగమే అనుకో.

నాన్న మోకాళ్ళ గురించి వేరే అడగాలి. "లిఫ్ట్ పనిచేస్తోందా? కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుందా? ఇంట్లో ఫ్యాన్లకీ లైట్లకీ బ్యాకప్ ఉందా, లేక లిఫ్ట్‌కీ మెట్ల దగ్గర లైట్లకేనా?" "ఒక్క బాత్రూమ్‌లోనైనా వెస్ట్రన్ కమోడ్ ఉందా?" నాలుగో అంతస్తు కాబట్టి ఇంకో మాట: "మా పైన ఇంకో ఫ్లోర్ ఉందా, మాదే చివరి స్లాబా?" చివరిదైతే ఈ ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి పైకప్పు కాలి, రాత్రి పదకొండు దాకా వేడి దింపుతూనే ఉంటుంది. వద్దని కాదు, బేరానికి పనికొస్తుంది. పెంట్‌హౌస్ అన్నారంటే "శాంక్షన్ ప్లాన్‌లో ఉన్నదేనా అండీ?" అని అడుగు.

డబ్బుల దగ్గర తొందరపడకు, ఒక్కొక్కటే రాసుకో. 19,000 అనేది ప్రకటనలో అంకె, నెలకి మన చేతిలోంచి పోయేది అది కాదు.

"మెయింటెనెన్స్ ఎంత? అందులో ఏమేం వస్తాయి? వాచ్‌మన్, చెత్త, నీళ్ళు, లిఫ్ట్ అన్నీ కలిపేనా?"

"కరెంటు మీటరు మాకు విడిగా ఉందా, సబ్‌మీటరా? బిల్లు మేమే కడతామా, మీకు యూనిట్ లెక్కన ఇవ్వాలా?" సబ్‌మీటరైతే యూనిట్‌కి ఎంతో అడుగు. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబులు కాబట్టి, రెండు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే ఇద్దరూ పై శ్లాబులోకి పోతారు. ఏసీ వాడకపోయినా వాడినవాళ్ళ రేటే మనకీ పడుతుంది. విడి మీటరైతే సర్వీస్ నంబర్ వాట్సాప్‌లో పంపమను, పాత బకాయిలు ఉన్నాయేమో ఆన్‌లైన్‌లోనే కనిపిస్తాయి.

"అడ్వాన్స్ ఎన్ని నెలలది?" ఇక్కడ మామూలుగా రెండు నెలలు, అంటే 38,000. బెంగళూరు లెక్కలు చెప్తే ఒప్పుకోకు.

"ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి పట్టుకుంటారా? ఎంత?" ఒక నెల అద్దె అనడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. 11 నెలలకే ఖాళీ చేస్తే ఆ 19,000 నెలకి 1,700 పైన పడ్డట్టు. అంటే మనం చూస్తున్నది 19,000 ఇల్లు కాదు, మెయింటెనెన్స్ కలపకముందే 20,700 ఇల్లు. "రెండేళ్ళు దాటి ఉంటే పెయింటింగ్ తీసుకోకుండా ఉంటారా?" అని ఇప్పుడే అను. ఇప్పుడు ఒప్పుకుంటే అగ్రిమెంట్‌లో రాయించొచ్చు.

"ఏడాదికి ఎంత పెంచుతారు? అయిదు శాతమా, పదా?"

"అగ్రిమెంట్ 11 నెలలదేనా? లాక్-ఇన్ ఉందా? ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి?" ఇక్కడ మామూలుగా అందరూ 11 నెలలే రాస్తారు. దాని గురించి కంగారేం లేదు. లాక్-ఇన్ గురించే కంగారు, నీకు కంపెనీ మారే ఆలోచన ఉంది కదా.

"అద్దె బ్యాంకులో వేస్తాను. రసీదూ, మీ పాన్ నంబరూ ఇస్తారు కదండీ?" ఏడాదికి 2,28,000 అవుతుంది. అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ కోసం ఆఫీసులో ఓనరు పాన్ అడుగుతారు. కొంతమంది ఇక్కడే మాట మారుస్తారు, "క్యాష్ ఇస్తే వెయ్యి తగ్గిస్తాం" అంటారు. నీకు కలిసొచ్చే పన్ను ఆ వెయ్యి కంటే ఎక్కువో తక్కువో లెక్క చూసుకునే జవాబు చెప్పు.

దీనితో పాటే: "ఓనరు గారు ఇండియాలోనే ఉంటారా?" చందానగర్, మియాపూర్ వైపు సగం ఫ్లాట్ల ఓనర్లు అమెరికాలో, బావమరుదులు ఇక్కడ అనిపిస్తుంది నాకు. ఎన్నారై అయితే అద్దెలోంచి టీడీఎస్ కోసి కట్టే బాధ్యత అద్దెకుండేవాళ్ళదే, 30 శాతం, పైన సెస్సు. మామూలు ఓనర్లకి ఉండే నెలకి 50,000 పరిమితి వాళ్ళకి వర్తించదు. అలాగైతే సంతకం పెట్టేవాళ్ళకి ఓనరు రాసిచ్చిన జీపీఏ ఉందా, టీడీఎస్ సంగతి వాళ్ళకి తెలుసా అని అడిగి, మన ఆడిటర్‌తో మాట్లాడాకే ముందుకెళ్ళు.

చిన్నవి గబగబా అడిగెయ్: కారు పార్కింగ్ ఈ ఫ్లాట్‌కి రాసి ఉన్నదేనా, వేరేవాళ్ళ బండి తీస్తే గానీ మనది బయటికి రాదా? బైక్‌కి చోటు విడిగా ఉందా? సెమీ ఫర్నిష్డ్ అంటే ఏమేం వదిలి వెళ్తున్నారు, గీజర్లు ఎన్ని, ఫ్యాన్లు ఉన్నాయా? ఏ కంపెనీ నెట్ అయినా పెట్టుకోవచ్చా, బిల్డింగుకి ఒకే కేబులాయనా? హఫీజ్‌పేట స్టేషన్ ఎంత దూరం? అక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే తరవాతిదే హైటెక్ సిటీ, నీకు బైక్ తీసే పని ఉండదు. "పక్కనే అండీ" అంటే కిలోమీటర్లలో చెప్పమను.

ఫోన్ ఎత్తింది ఏజెంట్ అయితే వీటికి ముందు నాలుగు:

"కమీషన్ ఎంత, పదిహేను రోజుల అద్దా, నెలదా? ఓనరు దగ్గరా తీసుకుంటున్నారా?"

"ఎప్పుడివ్వాలి? అగ్రిమెంట్ అయ్యాకే ఇస్తాను."

"చూపించడానికి ఏమైనా తీసుకుంటారా?" అవునంటే థాంక్స్ చెప్పి పెట్టేసెయ్.

"ఇదే ఇల్లు 21,000కి కూడా చూశాను. ఓనరు చెప్పిన రేటు ఏది?"

ఇంకొకటి. అవతలివాడు "నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ వచ్చింది, గేట్‌పాస్‌కి రెండు వేలు పంపండి, తిరిగి ఇస్తాం" అన్నా, "డబ్బు మీకే వస్తుంది, క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అన్నా మాట్లాడకుండా కట్ చెయ్యి. యూపీఐ పిన్ కొట్టేది మనం పంపడానికే, మనకి రావడానికి కాదు. "ఇంకో పార్టీ రెడీగా ఉన్నారు, టోకెన్ వెయ్యండి" అంటే, "ఇల్లు చూసి, మిమ్మల్ని కలిశాకే అండీ" అను. ఇల్లు చూడకముందు ఒక్క రూపాయి కూడా వద్దు.

అద్దె తగ్గించమని ఫోన్‌లో అడక్కు. ఇల్లు చూశాక, పగిలిన ఆ మూల చూపిస్తూ నేనడుగుతాను.

అన్నీ బాగుంటే చివరగా: "ఆదివారం పొద్దున పదింటికి రావచ్చా? ఎవరు చూపిస్తారు, తాళం ఎవరి దగ్గరుంది? లొకేషన్ వాట్సాప్ చెయ్యండి. మీరు ఒప్పుకున్నవి నేనూ మెసేజ్ పెడతాను, ఒకసారి చూసి సరే అనండి." అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్స్, పెయింటింగ్, ఖాళీ అయ్యే తేదీ, ఈ అయిదూ ఆ మెసేజ్‌లో ఉండాలి. పెట్టాక నాకు కూడా ఫార్వర్డ్ చెయ్యి, నాన్నకి నేను చెప్తాను.